మూసుకోని ట్రావర్స్: పంచే ముందు తేడాని చదవడం, తర్వాత దాన్ని స్టేషన్ల మీద పంచడం

మధురవాడ దాటి భీమిలి వైపు, కొండ అడుగున దాదాపు ఏడెకరాల స్థలం. పడమర కొండ వాలు, తూర్పు దిగువన సముద్రం వైపు చదునైన నేల. లేఅవుట్ వేయాలా వద్దా, వేస్తే రోడ్డు ఎటునుంచి రావాలి అని తేల్చుకోవడానికి యజమానులకి ముందుగా ఒక చిత్తు ప్లాను కావాలి. హద్దు రాళ్లు పాతే సర్వే కాదిది. ఆ పనికి టోటల్ స్టేషనో డీజీపీఎస్సో పెట్టాల్సిందే. చిత్తు ప్లానుకి మాత్రం ప్రిజమాటిక్ కంపాస్, 30 మీటర్ల స్టీలు టేపు, రేంజింగ్ రాడ్లు, వాలు కొలవడానికి ఒక ఆబ్నీ లెవెల్ ఉంటే చాలు.

స్థలం చుట్టూ ఐదు స్టేషన్లు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి దిక్కూ దూరమూ కొలుస్తూ మళ్లీ మొదటి స్టేషన్‌కే వచ్చారు. ఈ చుట్టునే ట్రావర్స్ అంటారు. స్టేషన్ 1 పడమర మూలన కొండ పాదం మీద ఉంది. 1 నుంచి 2కి గీత కొండ వారగా, ఒకే ఎత్తులో ఈశాన్యంగా వెళ్తుంది. 2 నుంచి 3కి ఇదివరకే చదును చేసిన దారి ఉంది. 3 నుంచి 4, 4 నుంచి 5 దిగువ నేల మీద నడుస్తాయి. 5 నుంచి 1కి తిరిగి వచ్చే గీత మొదట చదునుగా సాగి, ఒక గెడ్డ దాటాక కొండ ఎక్కుతుంది. ఈ చివరి గీతే ఈ కేసులో అసలు సంగతి.

లెక్కలో చివరి గీత మొదటి స్టేషన్‌కి చేరకపోతే, అంటే ట్రావర్స్ మూసుకోకపోతే, చాలామంది వెంటనే చేసే పని, వచ్చిన తేడాని బౌడిచ్ పద్ధతిలో, అంటే గీతల పొడవుని బట్టి పంచేసి ప్లాను గీసెయ్యడం. లెక్క కుదురుతుంది, బొమ్మ మూసుకుంటుంది. కానీ పంచడానికి అర్హత ఉన్న తేడా ఒకటే: చిన్న చిన్న పరిశీలన లోపాలు పోగుపడి వచ్చినది. ఎక్కడో ఒక గీతలో జరిగిన తప్పుని పంచితే, ఆ తప్పు ఐదు గీతల్లోకీ పాకి కనపడకుండా పోతుంది. అందుకే పంచే ముందు ఆ తేడా ఎంత అన్నదొక్కటే చూస్తే చాలదు, ఎటు చూస్తోందో కూడా చూడాలి.

బేరింగులు ముందు

బేరింగు అంటే ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు గీత చేసే కోణం. గీత మొదట్లో నిలబడి ముందుకి చూసి చదివింది ఫోర్ బేరింగ్, చివర నిలబడి వెనక్కి చూసి చదివింది బ్యాక్ బేరింగ్, రెంటికీ 180° తేడా ఉండాలి. ఫీల్డ్ బుక్కులో ఉన్నవి ఇవి. కంపాస్ గీతలు అర డిగ్రీకి ఒకటి, మధ్యలో 15 నిమిషాల దాకా కంటితో అంచనా వేశారు.

| గీత | ఫోర్ బేరింగ్ | బ్యాక్ బేరింగ్ | తేడా |
|---|---|---|---|
| 1–2 | 42°30′ | 222°30′ | 180°00′ |
| 2–3 | 103°15′ | 281°45′ | 178°30′ |
| 3–4 | 172°00′ | 354°00′ | 182°00′ |
| 4–5 | 250°15′ | 69°45′ | 180°30′ |
| 5–1 | 309°30′ | 129°15′ | 180°15′ |

1–2 గీతలో తేడా సరిగ్గా 180°. కాబట్టి 1, 2 స్టేషన్ల దగ్గర లోకల్ అట్రాక్షన్, అంటే దగ్గర్లోని ఇనుము సూదిని లాగడం, లేదని తీసుకోవచ్చు. రెండు చోట్లా ఒకే దిక్కుకి ఒకే మోతాదులో సూది లాగబడితే కూడా 180° వస్తుంది గానీ, దాదాపు 140 మీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల అలా జరగడం అరుదు.

స్టేషన్ 2 మంచిదైతే 2–3 ఫోర్ బేరింగ్ 103°15′ సరైనదే. బ్యాక్ బేరింగ్ 283°15′ ఉండాలి, 281°45′ ఉంది. అంటే స్టేషన్ 3లో కంపాస్ 1°30′ తక్కువ చూపిస్తోంది. అదే స్టేషన్లో చదివిన 172°00′ నిజానికి 173°30′. దాని బ్యాక్ బేరింగ్ 353°30′ ఉండాలి, 354°00′ ఉంది. అంటే స్టేషన్ 4లో 30′ ఎక్కువ చూపిస్తోంది. అక్కడ చదివిన 250°15′ని 249°45′ చేస్తే, 5లో చదివిన 69°45′తో సరిపోయింది. 5 మంచిదే.

స్టేషన్ 3 పక్కనే ఇనప స్తంభాల ముళ్లకంచె, స్టేషన్ 4 దగ్గర కరెంటు స్తంభం ఉన్నాయి. కారణం అక్కడే దొరికింది కాబట్టి సరే. దొరకనప్పుడు కంపాస్ చూసే మనిషి నడుముకి వేలాడే, టేపు చివర నేలలో గుచ్చే బాణాలు, కాళ్ల దగ్గర చుట్టిపెట్టిన స్టీలు టేపు, జేబులో ఫోన్, తాళాల గుత్తి ముందు తీయించి మళ్లీ చదవాలి. గుర్తు ఇది: ఒక స్టేషన్లో చదివిన రెండు బేరింగులూ ఒకే మోతాదులో తేడా చూపిస్తే అది ఆ చోటి దోషం. ఒక్క బేరింగే తేడాగా ఉంటే అది చదవడంలో పొరపాటు.

ఇక్కడ చాలామంది మంచి స్టేషన్ నుంచి ఒక్కొక్క బేరింగే దిద్దుకుంటూ వెళ్తారు. అదీ సరైన దారే. కానీ లోపలి కోణాల మీద వెళ్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది. ఒక స్టేషన్లో సూది ఎంత పక్కకి లాగబడినా అక్కడ చదివిన రెండు బేరింగులూ అంతే జరుగుతాయి, వాటి మధ్య కోణం మారదు. కాబట్టి దిద్దని అంకెలతోనే కోణాలు తీయొచ్చు. ఈ ట్రావర్స్ గడియారం తిరిగే వైపు నడిచింది, అందుకని ప్రతి స్టేషన్లో వెనక గీత బేరింగు నుంచి ముందు గీత బేరింగు తీసివేస్తే లోపలి కోణం వస్తుంది.

స్టేషన్ 1లో 129°15′ నుంచి 42°30′ తీస్తే 86°45′. 2లో 119°15′. 3లో 281°45′ నుంచి 172°00′ తీస్తే 109°45′. 4లో 103°45′. 5లో 69°45′కి 360° కలిపి 309°30′ తీస్తే 120°15′. మొత్తం 539°45′. ఐదు భుజాలకి 540° రావాలి, 15′ తక్కువైంది. ఈ 15′ ఎక్కడిదో పట్టికలోనే కనిపిస్తుంది: 1, 5 రెండూ మంచి స్టేషన్లే అయినా 5–1 గీతలో తేడా 180°15′ వచ్చింది. కంపాస్ ట్రావర్సుకి సాధారణంగా అనుమతించే హద్దు 15′ని స్టేషన్ల సంఖ్య వర్గమూలంతో గుణించినంత, అంటే ఇక్కడ 33′ దాకా. 15′ దాని లోపలే ఉంది కాబట్టి పంచొచ్చు.

కోణాల లోపాన్ని సమానంగా పంచాలి, ఒక్కో కోణానికి 3′ కలపాలి. పెద్ద కోణానికి ఎక్కువ, చిన్న కోణానికి తక్కువ అనేది తప్పు. కోణం 86° అయినా 120° అయినా దాన్ని తీసింది అదే కంపాస్, రెండే చూపులు. లోపానికి అవకాశం కోణం సైజుతో పెరగదు. దిద్దిన కోణాలు 86°48′, 119°18′, 109°48′, 103°48′, 120°18′. మొత్తం 540°00′. 1–2 బేరింగు 42°30′ని స్థిరంగా ఉంచి వరసగా తీస్తే మిగతావి వస్తాయి: 2–3 103°12′, 3–4 173°24′, 4–5 249°36′, 5–1 309°18′. చివరికి 129°18′ నుంచి 86°48′ తీస్తే మళ్లీ 42°30′ రావాలి, వచ్చింది. ఈ తిరిగి రావడం చూసుకోకుండా ముందుకి వెళ్లకూడదు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. 309°18′లో ఆ 18′ కొలిచినది కాదు, లెక్కలో పుట్టింది. కంపాస్ ఇచ్చే నిజమైన నమ్మకం పావు డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది. 127 మీటర్ల గీత మీద 15′ అంటే పక్కకి 55 సెంటీమీటర్లు. ఈ అంకె మనసులో ఉంటే తర్వాత వచ్చే క్లోజింగ్ ఎర్రర్, అంటే మూసుకోకుండా మిగిలిన దూరం, పెద్దదో చిన్నదో అంచనా తెలుస్తుంది.

మొదటి లెక్క: 3.91 మీటర్లు

ప్రతి గీత పొడవుని L, బేరింగుని θ అనుకుంటే, ఉత్తరం వైపు జరిగినంత లాటిట్యూడ్ L cos θ, తూర్పు వైపు జరిగినంత డిపార్చర్ L sin θ. దక్షిణం, పడమర మైనస్. టేపు కొలతలు వరసగా 139.20, 112.60, 126.90, 116.20, 145.30 మీటర్లు. చుట్టుకొలత 640.20.

| గీత | పొడవు | లాటిట్యూడ్ | డిపార్చర్ |
|---|---|---|---|
| 1–2 | 139.20 | +102.63 | +94.04 |
| 2–3 | 112.60 | −25.71 | +109.62 |
| 3–4 | 126.90 | −126.06 | +14.59 |
| 4–5 | 116.20 | −40.50 | −108.91 |
| 5–1 | 145.30 | +92.03 | −112.44 |
| మొత్తం | 640.20 | +2.39 | −3.10 |

రెండు మొత్తాలూ సున్నా రావాలి. 2.39 ఉత్తరానికి, 3.10 పడమరకి మిగిలింది. రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం 3.91 మీటర్లు. చుట్టుకొలతతో పోలిస్తే 1/164. కంపాస్, టేపు పనికి మామూలుగా 1/300 నుంచి 1/600 దాకా ఒప్పుకుంటారు. ఇది దానికి చాలా దూరంలో ఉంది. ఇక్కడ పంచడం ఆపాలి.

ఇప్పుడు దిక్కు చూడాలి. 3.10ని 2.39తో భాగిస్తే 1.297, దాని కోణం 52°22′, ఉత్తరం నుంచి పడమరకి. పూర్తి బేరింగు 307°38′. దీన్ని గీతల బేరింగుల పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: ఏ గీతకి సమాంతరంగా ఉంది? ఒక్క గీత పొడవులోనే తప్పుంటే, మొత్తం బొమ్మ ఆ గీత వెంబడే జరుగుతుంది. కాబట్టి క్లోజింగ్ ఎర్రర్ ఆ గీతకి సమాంతరంగా పడుతుంది. గీత దిక్కులోనే పడితే ఆ గీతని ఎక్కువ కొలిచినట్టు, ఎదురు దిక్కులో పడితే తక్కువ కొలిచినట్టు. ఇక్కడ 5–1 గీత 309°18′. తేడా 1°40′ మాత్రమే, అదీ గీత దిక్కులోనే. 5–1ని మూడు నాలుగు మీటర్లు ఎక్కువ కొలిచారని ఇది చెబుతోంది.

రెండోది: ఏ గీతకి లంబంగా ఉంది? ఒక్క గీత బేరింగు తప్పైతే ఆ గీత చివర పక్కకి జరుగుతుంది, అందువల్ల క్లోజింగ్ ఎర్రర్ దానికి లంబంగా పడుతుంది. 1–2 గీత 42°30′, దానికి లంబం 312°30′. 307°38′ దీనికీ ఐదు డిగ్రీల లోపే ఉంది. కాబట్టి అనుమానితులు ఇద్దరు. 1–2 బేరింగు దాదాపు 1°36′ తప్పైనా ఇంతే తేడా వస్తుంది.

ఇలాంటప్పుడు కోణాల మొత్తం ఆదుకోదు. 1–2ని రెండు చివరలా అంతే తప్పుగా చదివి ఉంటే 1లో కోణం పెరిగినంత 2లో తగ్గుతుంది, మొత్తం మారదు. ఆదుకునేది ఫోర్, బ్యాక్ బేరింగుల జత. 1–2 ఒక్కదానికే రెండూ కచ్చితంగా 180° తేడాతో ఉన్నాయి. కంపాస్‌ని రెండు వేర్వేరు చోట్ల పెట్టి, వేర్వేరుగా చదివినప్పుడు రెండుసార్లూ ఒకే వైపు 1°36′ పొరపాటు చదవడం నమ్మదగ్గది కాదు. పైగా దిక్కు కూడా 5–1 వైపే దగ్గరగా మొగ్గింది. అందుకే మళ్లీ కొలవాల్సింది 5–1.

మొత్తం సర్వే మళ్లీ చేయడానికీ, ఒక్క గీత మళ్లీ కొలవడానికీ మధ్య ఉన్న తేడా ఈ పది నిమిషాల లెక్క. తప్పు ఒక్క గీతలోనే ఉన్నప్పుడు మాత్రమే ఇది పని చేస్తుంది. రెండు గీతల్లో తప్పులుంటే వచ్చే దిక్కు దేనికీ చెందదు. రెండు గీతలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్న పొడుగాటి స్థలాల్లో కూడా ఏ గీతదో ఇది చెప్పలేదు, అప్పుడు రెండూ కొలవాలి. మిగిలిన తేడా 30 మీటర్ల దరిదాపుల్లో ఉంటే ఒక టేపు లెక్క తప్పిందని, బాణాల లెక్క సరిచూడమని అర్థం. ఒక మీటరు, ఐదు, పది లాంటి గుండు అంకె దగ్గర ఉంటే టేపు చదవడంలో పొరపాటు. 3.91 ఈ రెండు రకాల్లోకీ చక్కగా రాలేదు. అందుకని వాలు మీద అనుమానం రావాలి.

వాలు మీద 52 మీటర్లు

ఫీల్డ్ బుక్కులో 5–1 పేజీ చూస్తే గెడ్డ గట్టు దాకా 93.30 మీటర్లు, అక్కణ్నించి స్టేషన్ 1 దాకా 52.00 మీటర్లు. రెండో ముక్క కొండ వాలు. టేపుని నేల మీదే పరిచి కొలిచారు. ప్లానుకి కావాల్సింది అడ్డంగా ఉన్న దూరం, వాలు వెంబడి దూరం కాదు.

ఆబ్నీ లెవెల్‌తో చూస్తే వాలు 20°. కంటి ఎత్తుకి సమానంగా గుర్తు పెట్టిన రాడ్డుని పైన నిలబెట్టి ఆ గుర్తునే చూడాలి. రాడ్డు అడుగు చూస్తే వాలు తక్కువ వస్తుంది, రాడ్డు తల చూస్తే ఎక్కువ వస్తుంది. 52.00ని cos 20°, అంటే 0.9397తో గుణిస్తే 48.86 మీటర్లు. నేల మీద పరిచినందుకు 3.14 మీటర్లు ఎక్కువ పడింది.

ఒకే కోణంతో సరిపెట్టుకోవడం మంచిది కాదు, ఎందుకంటే వాలు అడుగున ఒకలా, పైన ఒకలా ఉండొచ్చు. అదే ముక్కని మెట్లు మెట్లుగా కూడా కొలిచారు. పై నుంచి కిందికి దిగుతూ, టేపు సున్నా పై చోట నేలకి ఆనించి, కింది చివరని గాల్లో అడ్డంగా పట్టుకుని, ప్లంబ్ బాబ్ వేలాడదీసి కింద బాణం గుచ్చడం. 20° వాలులో ఐదు మీటర్ల మెట్టుకి కింది చివర 1.8 మీటర్ల ఎత్తున వస్తుంది. అంతకంటే పెద్ద మెట్టు పెడితే చేయి అందదు, టేపు మధ్యలో కిందికి కుంగుతుంది. ఎక్కుతూ కొలవడం కంటే దిగుతూ కొలవడమే నయం: ఎక్కేటప్పుడు వెనక మనిషి గాల్లో ఉన్న తన చివరని నేల మీది బాణానికి ప్లంబ్ బాబ్‌తో సరిచూసుకుంటూనే టేపుని గట్టిగా లాగి పట్టాలి, అది కుదరదు. మెట్ల కొలత 48.90 వచ్చింది. రెండు పద్ధతులకీ 4 సెంటీమీటర్ల తేడా అంటే ఈ పనికి చాలా బాగున్నట్టే.

5–1 కొత్త పొడవు 93.30 + 48.86 = 142.16 మీటర్లు. లాటిట్యూడ్ +90.04, డిపార్చర్ −110.01. మొత్తాలు ఇప్పుడు లాటిట్యూడ్‌లో +0.40, డిపార్చర్‌లో −0.67. క్లోజింగ్ ఎర్రర్ 0.78 మీటర్లు, కొత్త చుట్టుకొలత 637.06 మీద 1/817. ఒక గీత మీద 15′ అంటేనే 55 సెంటీమీటర్లని పైన చూశాం కదా, ఐదు గీతల్లో 78 సెంటీమీటర్లు మిగలడం కంపాస్ సహజమైన పరిమితి. ఇప్పుడు ఇది పంచదగ్గ తేడా.

పంపకం

బౌడిచ్ నియమం 1808 నాటిది. పొడవుల్లో, దిక్కుల్లో లోపాలు దాదాపు సమానంగా ఉంటాయన్న ఊహ మీద నిలిచింది. ప్రతి గీతకీ దాని పొడవుకి తగినంత దిద్దుబాటు: గీత పొడవుని చుట్టుకొలతతో భాగించి, మొత్తం తేడాతో గుణించాలి. గుర్తు తిరగెయ్యాలి. ఇక్కడ లాటిట్యూడ్ మొత్తం +0.40 కాబట్టి దిద్దుబాటు −0.40, డిపార్చర్ −0.67 కాబట్టి దిద్దుబాటు +0.67.

| గీత | లాటిట్యూడ్ దిద్దుబాటు | డిపార్చర్ దిద్దుబాటు | దిద్దిన లాటిట్యూడ్ | దిద్దిన డిపార్చర్ |
|---|---|---|---|---|
| 1–2 | −0.09 | +0.15 | +102.54 | +94.19 |
| 2–3 | −0.07 | +0.12 | −25.78 | +109.74 |
| 3–4 | −0.08 | +0.13 | −126.14 | +14.72 |
| 4–5 | −0.07 | +0.12 | −40.57 | −108.79 |
| 5–1 | −0.09 | +0.15 | +89.95 | −109.86 |

గుర్తుల్లో పొరపాటు ఎక్కువగా మైనస్ గీతల దగ్గర జరుగుతుంది. 3–4 లాటిట్యూడ్ −126.06కి −0.08 కలిపితే −126.14, పెరగాలి. 4–5 డిపార్చర్ −108.91కి +0.12 కలిపితే −108.79, తగ్గాలి. దిద్దుబాటు అన్ని గీతలకీ ఒకే గుర్తుతో వెళ్తుంది, గీత దిక్కుని బట్టి మారదు. చివర్లో కూడి చూసుకోవాలి: ఉత్తరాలు 192.49, దక్షిణాలు 192.49. తూర్పులు 218.65, పడమరలు 218.65. రౌండింగులో ఒక సెంటీమీటరు మిగిలితే పొడుగు గీతకి వేసెయ్యొచ్చు, ఇక్కడ ఆ అవసరం పడలేదు.

ట్రాన్సిట్ నియమం అని ఇంకోటి ఉంది. అది దిద్దుబాటుని పొడవు బట్టి కాకుండా లాటిట్యూడ్, డిపార్చర్ సైజు బట్టి పంచుతుంది. కోణాలు థియోడొలైట్‌తో చాలా నిక్కచ్చిగా తీసి, పొడవులు అంత నిక్కచ్చిగా లేనప్పుడు దాన్ని వాడతారు. ఈ కేసులో దాన్ని వాడితే దాదాపు ఉత్తర దక్షిణంగా ఉన్న 3–4 గీతకి డిపార్చర్‌లో రెండు సెంటీమీటర్లే పడతాయి, బౌడిచ్‌లో పదమూడు. కంపాస్ బేరింగుని అంత నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. కంపాస్ ట్రావర్సుకి బౌడిచ్‌నే వాడాలి.

పంచిన తర్వాత చాలామంది వదిలేసే ఒక మెట్టు ఉంది. దిద్దిన లాటిట్యూడ్, డిపార్చర్ల నుంచి పొడవులూ బేరింగులూ వెనక్కి తీసి, కొలిచిన వాటితో పోల్చడం. ఇక్కడ బేరింగులు ఏవీ 4′కి మించి మారలేదు. 1–2 గీత 42°30′ నుంచి 42°34′ అయింది, అదే అన్నిటికంటే ఎక్కువ. పొడవుల్లో 5–1 అన్నిటికంటే ఎక్కువ మారింది, 142.16 నుంచి 141.99కి, 17 సెంటీమీటర్లు. బేరింగు మార్పు కంపాస్ చదవగలిగే పావు డిగ్రీ కంటే బాగా తక్కువ. ఈ మార్పులు పరికరం అనిశ్చితిలో ఇమిడిపోతే పంపకం న్యాయంగా జరిగినట్టు. ఏదైనా గీత అర డిగ్రీ తిరిగిందంటే పంచకూడని దాన్ని పంచినట్టు.

లెక్క లేకుండా కాగితం మీదే పంచాలంటే చుట్టుకొలతని ఒక తిన్నని గీతగా గీసి, చివర 0.78ని లంబంగా నిలబెట్టి త్రిభుజం కట్టాలి. స్టేషన్ 2 దగ్గర 0.17, 3 దగ్గర 0.31, 4 దగ్గర 0.46, 5 దగ్గర 0.61 వస్తాయి. ప్రతి స్టేషన్నీ క్లోజింగ్ ఎర్రర్‌కి సమాంతరంగా, ఎదురు దిక్కుకి అంత జరపాలి. 1:1000 ప్లానులో 0.78 మీటర్లంటే 0.78 మిల్లీమీటర్లే కాబట్టి ఆ త్రిభుజాన్ని ఎత్తులో పెద్ద స్కేలుకి గీయకపోతే ఏమీ కనపడదు. అంకెలు చేతిలో ఉన్నప్పుడు ఈ పద్ధతి అవసరం లేదు.

పంచకూడనిది పంచి ఉంటే

స్టేషన్ 1ని ఉత్తరం 200.00, తూర్పు 100.00 అనుకుంటే, 2 (302.54, 194.19), 3 (276.76, 303.93), 4 (150.62, 318.65), 5 (110.05, 209.86). ఐదు నుంచి మళ్లీ ఒకటికి వస్తే 200.00, 100.00. ఈ కోఆర్డినేట్లతో వైశాల్యం 27,389 చదరపు మీటర్లు, అంటే 6 ఎకరాల 77 సెంట్లు.

వాలు తప్పు ఉన్న మొదటి లెక్కనే, 3.91 మీటర్ల తేడాతో, బౌడిచ్‌లో పంచి చూస్తే లెక్క చక్కగా మూసుకుంటుంది. వైశాల్యం మాత్రం 27,645 చదరపు మీటర్లు వస్తుంది. 256 చదరపు మీటర్లు ఎక్కువ, ఆరు సెంట్ల పైన. గజాల్లో చెప్పాలంటే లేని చోట 300 గజాల ప్లాటు ఒకటి పుట్టినట్టు. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, స్టేషన్ 3ని ఎవరూ తప్పుగా కొలవలేదు, అయినా అది 1.2 మీటర్లు పక్కకి జరుగుతుంది. ఇనప కంచె ఉన్నది సరిగ్గా అక్కడే. ప్లానులో కంచె పక్క స్థలంలో ఉన్నట్టో, పక్కవాళ్లు లోపలికి వచ్చినట్టో కనిపిస్తుంది. తప్పు జరిగిన చోట కొండ వాలు, తగాదా పుట్టే చోట దానికి రెండు వందల మీటర్ల దూరం.

మూసుకున్నా కనపడనివి

1/817 అన్న అంకె ఎంత బాగున్నా అది చెప్పలేని రెండు విషయాలున్నాయి, రెండూ ప్లాను మీద రాసి పెట్టాలి.

ఒకటి దిక్కు. కంపాస్ చూపేది అయస్కాంత ఉత్తరం. దానికీ నిజ ఉత్తరానికీ ఉన్న తేడా స్థలమంతటా ఒకటే కాబట్టి బొమ్మ మొత్తం కలిసి తిరుగుతుంది, మూసుకోవడంలో ఏ తేడా రాదు. స్టేషన్ 1, 2 రెండింట్లోనూ సమానంగా లాగబడి ఉంటే కూడా ఇంతే. అందుకే బాణం గుర్తు పక్కన అయస్కాంత ఉత్తరం అనీ, సర్వే చేసిన నెల, సంవత్సరమూ రాయాలి. ఆ తేడా కాలంతో మారుతుంది.

రెండోది టేపు పొడవు. టేపు చివర విరిగి అతికించినది అనుకుందాం, 30 మీటర్లని రాసి ఉన్నది నిజానికి 30.03 ఉంది. ప్రతి గీతా ఒకే నిష్పత్తిలో తక్కువ పడుతుంది, బొమ్మ అదే ఆకారంలో చిన్నదవుతుంది, క్లోజింగ్ ఎర్రర్ కదలదు. కానీ వైశాల్యంలో వెయ్యికి రెండు వంతులు, ఈ స్థలానికి దాదాపు 55 చదరపు మీటర్లు, ఒక సెంటు పైన తగ్గిపోతుంది. దీనితో పోలిస్తే ఎండ చిన్నది: టేపు దాని ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే 15 డిగ్రీలు వేడెక్కితే 30 మీటర్లకి ఐదు మిల్లీమీటర్లు సాగుతుంది, ఇలాంటి చిత్తు ప్లానులో దాన్ని వదిలేయొచ్చు. అతుకు ఉన్న టేపుని మాత్రం వదిలేయకూడదు. పని మొదలుపెట్టే ముందు దాన్ని అతుకు లేని, నమ్మకమైన ఇంకో స్టీలు టేపు పక్కన చదునైన సిమెంటు నేల మీద పరిచి, రెండింటినీ ఒకే లాగుడుతో పట్టుకుని సున్నా దగ్గరా 30 దగ్గరా గీతలు కలుస్తున్నాయో లేదో చూడాలి. తేడా ఉంటే ఆ తేడాని ఫీల్డ్ బుక్కు మొదటి పేజీలో రాసి, లాటిట్యూడ్ లెక్క మొదలుపెట్టకముందే ప్రతి పొడవునీ ఆ నిష్పత్తిలో దిద్దాలి.